అతుకు లేని పన్నెండు నిమిషాలు

మా మనుమరాలు అనూష వికారాబాదులో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు కోసి అతికే పని చేస్తుంది. ఆ రోజు పొద్దున పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతున్న నా ముఖం ముందు ఫోను పెట్టి, "నానమ్మా, జర గిది చూడు, నాయినకు మాత్రం చూపియ్యకు" అంది. పిండి చేతులు దులుపుకుని చూశాను. అంతా కలిపి ఇరవై సెకన్లు కూడా ఉండదు. నా కొడుకు నర్సింలు ముఖం, పెద్దగా, పండ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. తరువాత గోడకు నిలబెట్టిన నాపరాతి బండల వరుస. ఆ పక్కన వంగి ఉన్న బస్వరాజు వీపు. బండలు కూలడం. మళ్ళీ నర్సింలు నవ్వు. కింద ఎవరో పాట ఒకటి పెట్టారు. రొట్టె మాడింది. నా ఇంట్లో రొట్టె మాడడం అదే మొదలు. మాడినా పారెయ్యలేదు, నేనే తిన్నాను.

బస్వరాజు, నర్సింలు తాండూరులో ఒకే పాలిషింగ్ యూనిట్‌లో పని చేసేవాళ్ళు. మా వాడు రోజూ వికారాబాదు నుంచి రైలుకు పోయి వచ్చేవాడు, బస్వరాజు అక్కడే తాండూరులో ఉండేవాడు. కంచాలు పంచుకుని తిన్నవాళ్ళు. బండలు మీద పడి బస్వరాజు పోయాడు. పోయిన దుఃఖం ఒక ఎత్తు, దాని వెనక వచ్చిన ఈ ఇరవై సెకన్లు ఒక ఎత్తు. దాన్ని ఎవరు చేశారో తెలియదు. యూనిట్ కెమెరా బొమ్మను ఎవరో ఫోనులో పట్టి, ముక్కలు చేసి, ఊరి మీదికి వదిలారు. చావును చూసి నవ్వినవాడని నా కొడుకుకు పేరు పడింది. బస్వరాజు పెండ్లాం శాంతమ్మ కర్మ నాడు మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. పోలీసు స్టేషన్‌లో ఆమె మాట ఇంకా రాసుకోలేదు, రేపో ఎల్లుండో పిలుస్తారని అందరూ అంటున్నారు. నర్సింలు పనికి పోవడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు ఒక పక్కకు జరుపుతూ ఉండేవాడు. పొద్దుగూకే ముందు రైలు స్టేషన్ వైపు నడిచి, ప్లాట్‌ఫారం చివర, మనుషులెవరూ నిలబడని చోట నిలబడేవాడు. నేను కొత్తిమీర కొనే నెపంతో వెంట పోయేదాన్ని. కొత్తిమీర అవసరం లేకున్నా రోజూ కొన్నాను. మాడిన రొట్టె కూడా పారెయ్యని నన్ను ఎరిగినవాళ్ళకు దాని అర్థం తెలుస్తుంది.

ఫోను అనూషకు తిరిగి ఇస్తుంటే నాకు మా నాయిన గుర్తుకొచ్చాడు, ఆయన చేతి వాసనతో సహా. మాగిన అరటిపండు వాసన అది. మా నాయిన తాండూరులో రేకుల సినిమా హాలులో మిషన్ నడిపేవాడు. ఫిలిం తెగితే అతికే మందు వాసన అట్లా ఉండేది. ఆయన ఇంటికి వచ్చి చేయి కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, ముద్ద నోట్లో పెట్టుకున్నా ఆ వాసన పోయేది కాదు. అమ్మ గొణిగేది, "నీ చెయ్యి తగిలితే పప్పు కూడ అరటిపండే అయితది" అని. మా ఇంట్లో పప్పు లేని పూట లేదు. అమ్మ సావుకారుల ఇండ్లకు కందులు విసిరేది, నూక మాకు మిగిలేది. విసుర్రాయి రెండు చేతులా పట్టుకుని ఒకే తీరుగా తిప్పుతుంటే, నేను గుప్పెడు గుప్పెడు కందులు పోసేదాన్ని. నేను నాలుగో తరగతి దాటలేదు. అమ్మకు కంటిచూపు తగ్గి కందులూ రాళ్ళూ తేడా తెలియకుండా పోతే, పలక మూల పెట్టి విసుర్రాయి ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం మాత్రం నాయినకు సద్ది పట్టుకుని హాలుకు పోవాలి. ఆ మెట్లెక్కి మిషన్ గదిలోకి పోవడమే నాకు రెండో బడి.

ఆ గదిలో వేడి ఇంతా అంతా కాదు. మిషన్ లోపల కార్బన్ కడ్డీలు రెండు ఎదురెదురుగా మండుతూ ఉంటే, ఆ వెలుగు ఫిలిం గుండా పోయి తెర మీద పడేది. నాయిన బనియను పిండితే నీళ్ళు కారేవి. ఆయన ముచ్చట్లు చెప్పే మనిషి కాదు, కసిరే మనిషి. అయినా ఆట లేని వేళ, రీలు చేత్తో వెనక్కి చుడుతూ, ఫిలింను కిటికీ వెలుగుకు పట్టి చూపించేవాడు. "సెకనుకు మూరెడు. మూరెడుల ఇరవై నాలుగు బొమ్మలు. యాది పెట్టుకో" అనేవాడు. ఒకసారి కర్రసాము ఉన్న సినిమా వచ్చింది. ఊరంతా విరగబడి చూసింది. అందులో నాయకుడు ఒకడి నెత్తి మీద కర్రతో కొడతాడు. హాలులో ప్రతి ఆటకూ ఆ చోట ఆడవాళ్ళు కండ్లు మూసుకునేవాళ్ళు, నేనూ మూసుకున్నాను. మర్నాడు నాయిన ఆ చోటు ఫిలిం నా చేతికిచ్చి, "కర్ర నెత్తికి తాకిన బొమ్మ తియ్యి" అన్నాడు. నేను మూరలు మూరలు వెతికాను. కర్ర పైకి లేచిన బొమ్మలు జానెడు. తరువాత ఒకడి ముఖం, నోరు తెరిచి, బెత్తెడు. తరువాత నేల మీద పడి ఉన్నవాడు. కర్ర తాకిన బొమ్మ ఒక్కటీ లేదు.

"లేదు నాయినా."

"మరి కొట్టిందెవరే?"

నేను ఫిలింను మళ్ళీ వెలుగుకు పట్టాను.

"నువ్వే. వాళ్ళు మూడు ముక్కలు పక్కపక్కన పెట్టిండ్రు. నడిమి దెబ్బ నీ నెత్తిల నువ్వే ఏసుకున్నవ్. అన్నం తియ్యి ఇగ."

తరువాత నెలల్లో ఇంకో సినిమా వచ్చింది. అది ఆడలేదు. అందులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒకతె, కడవ తీసుకుని గడప దాటి, వాకిలి దాటి, మెల్లగా బావి దాకా నడుస్తుంది. కెమెరా ఆమె వెనకే పోతుంది, ఎక్కడా తెగదు. ఆ ఫిలింను వెలుగుకు పట్టి చూస్తే నాకు విసుగొచ్చింది. బార తరువాత బార లాగినా అదే ఆమె, అదే కడవ, అడుగు మాత్రం వెంట్రుకంత జరుగుతుంది. హాలులో కూడా మొదట అట్లాగే ఉండేది. దగ్గులు, బీడీలు, ఎవడో ఈల. కానీ ఆమె వాకిలి సగం దాటేసరికి ఈల ఆగిపోయేది. ఎందుకంటే బావి దగ్గరవుతోంది, ఆమె ఏం చేస్తుందో ఎవరూ చెప్పడం లేదు. ముఖం దగ్గర చూపించి ఇది చూడు అనడం లేదు. ఎవరి కండ్లు వాళ్ళే కడవ మీద, కాళ్ళ మీద, బావి గట్టు మీద పెట్టుకుని చూడాలి. నేనైతే ఆమె కాళ్ళే చూశాను. అమ్మను ఒక్కసారి తీసుకుపోతే, మసక కండ్లతోనే చూసి, ఆమె కడవ పట్టుకున్న తీరు చూసి ఏడ్చింది. "గిట్ల ఎడమ నడుముకు పెట్టుకుంటరా? బిడ్డను ఎత్తుకున్న అలవాటు గది" అంది. ఒకే బొమ్మలో ఇద్దరం రెండు చూశాం.

హాలు సేటుకు ఆ నడక నచ్చలేదు. జనం బయటికి పోతున్నారు, కోసెయ్యి, ఆట తొందరగా అయిపోతే ఇంకో ఆట పడుతుంది అన్నాడు. ఫిలిం పెట్టె కంపెనీకి తిరిగి పోయేలోగా మళ్ళీ అతికిద్దామనుకుని, నాయిన నడిమి ముక్క కోశాడు. కర్రసాములో ముక్క తీస్తే ఎవరికీ తెలియదు, ఎందుకంటే అక్కడ బొమ్మ ఎలాగూ మారుతూనే ఉంటుంది, అతుకు ఆ మార్పులో దాగుతుంది. ఈ నడకలో అతుకు దాగడానికి చోటు లేదు. బ్లేడుతో ఫిలిం మీది పూత గీకి, మందు రాసి, ఎంత నీటుగా అతికినా, వాకిట్లో ఉన్న మనిషి రెప్పపాటులో బావి దగ్గర ఎగిరి పడ్డట్టు కనిపించింది. పైగా ఫిలింలో శబ్దం బొమ్మకు సరిగ్గా పక్కన ఉండదు, మూరెడుకు కొంచెం తక్కువ ముందే ఉంటుంది. బొమ్మ దగ్గర కోస్తే శబ్దం వేరే చోట తెగుతుంది. ఆమె ఎగరడం, తరువాత ఎక్కడో టప్పుమని చప్పుడు. నిన్నటి దాకా నోరు మూసుకుని చూసిన చోట హాలు గొల్లుమని నవ్వింది. నాయిన మిషన్ పక్కన నిలబడి ఆ నవ్వు విన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. కందులు విసిరిన చేతులతో అమ్మ ఎంత బతిమాలినా తినలేదు. నాకు అప్పుడు ఆయన బాధ అర్థం కాలేదు. ఒక్క ముక్క తీస్తే ఏడుపు నవ్వయిందని ఇప్పుడు, ఈ వయసులో, నా కొడుకు ముఖం చూశాక అర్థమైంది.

అనూష యూనిట్ సేటు కాళ్ళా వేళ్ళా పడి, కెమెరా మొత్తం బొమ్మ కాపీ తెచ్చింది. అది పన్నెండు నిమిషాలు. కెమెరా ఒక మూలన, పైన కప్పుకు బిగించి ఉంది. కదలదు, దగ్గరికి పోదు, తెగదు, శబ్దం లేదు. మనుషులు బొటనవేలంత కనిపిస్తారు. నేను మొదటిసారి నా కొడుకునే చూశాను. తల్లిని కదా. ఇంకేదీ కనబడలేదు. రెండోసారి బస్వరాజును చూశాను. మూడోసారి అనూష చూపిస్తే బండల కింద చూశాను. పాలిషింగ్ మిషన్ నుంచి బూడిదరంగు నీళ్ళు సన్నగా పారుతూ వరుస కిందికి పోతున్నాయి. బండలు జారకుండా పెట్టిన చెక్కముక్క ఆ నీళ్ళలో నానుతూ, మెల్లగా, ఎంత మెల్లగా అంటే చూస్తున్నప్పుడు తెలియదు, ఇటు జరుగుతోంది. మొదటి నిమిషంలో గోడ నీడలో ఉంది, చివరికి నీడ దాటింది. ఇరవై సెకన్ల ముక్కలో ఆ చెక్క ఎవరికీ కనబడదు. మెల్లగా జరిగేదాన్ని చూపించాలంటే అంతసేపు తెగకుండా చూడాల్సిందే, వేరే దారి లేదు.

నవ్వు కూడా దొరికింది. అది బండలు కూలడానికి చాలా ముందటిది. దాన్నే పెద్దది చేసి, రెండుసార్లు వాడారు. రెండుసార్లూ తువ్వాలుతో మెడ తుడుచుకునే ఒకే చెయ్యి ఉందని అనూష చూపించింది. "మొదట నవ్వు, తర్వాత బండలు, మళ్ల నవ్వు పెడ్తే, బండలను చూసి నవ్వినట్టే అయితది నానమ్మా. మేం పెండ్లిళ్లల్ల గిదే చేస్తం. అత్త ముఖం ఎప్పటిదో తెచ్చి తాళి పక్కన పెడ్తం, మురిసిపోతున్నట్టు."

"మంచి పని నేర్చినవ్."

"తిట్టకు. ఇగ నేను కూడ ఒకటి చేసిన, చూడు."

చేసింది ముప్పై సెకన్లు. చెక్క పెద్దగా, ఎర్ర బాణం గుర్తుతో. నర్సింలు రెండు చేతులు ఎత్తి ఊపడం. బస్వరాజు. బండలు. కింద ఏడుపు సంగీతం. చూస్తే నా కొడుకు అరిచి మరీ హెచ్చరించిన దేవుడే అనిపించింది. నా కడుపు చల్లబడింది. దాన్ని అట్లాగే వదిలితే ఊరు తిరిగి మమ్మల్ని మనుషుల్లా చూస్తుందని ఆశ పుట్టింది. కానీ మొత్తం బొమ్మ మూడుసార్లు చూసిన కండ్లు ఊరుకోవు.

"చెయ్యి ఊపుడు రెండుసార్లు ముందుగల్ల కూడ ఉంది కద. అవి ఏవి?"

నర్సింలు అంతకు ముందు రెండుసార్లు అట్లాగే చెయ్యి ఊపాడు, మొదటిసారి గ్లాసు పట్టినట్టు కూడా చూపి, చాయ్‌కి పోదాం రమ్మని. బస్వరాజు రెండుసార్లూ, ఉండు వస్తా అని చెయ్యి ఊపాడు. మూడోసారీ అట్లాగే ఊపాడు. అప్పుడే కూలాయి.

"అవి పెడ్తే నాయిన చాయ్‌కే పిలిచిండంటరు నానమ్మా. కొంప మునుగుతది."

"తీస్తే మనం కూడ కోసినోళ్లమే అయితం. ఆళ్ల ముక్క, మన ముక్క. ఊరు దేన్ని నమ్ముతది? ఏది కొత్తదైతే దాన్ని. చెరిపెయ్యి."

"ఎవరు చూస్తరు పన్నెండు నిమిషాలు? నువ్వే జెప్పు. వేలుతోటి తోసేస్తరు."

"ఊరు అక్కర లేదు. శాంతమ్మ చూస్తే సాలు."

అది ఏడ్చింది, చెరిపేసింది. నేను మెత్తగా మాట్లాడలేదు, నాకు రాదు. లోపల మాత్రం నా చేతులతో నా కొడుకు మెడకు ఏం కడుతున్నానో తెలియలేదు.

మర్నాడు నర్సింలుతో సహా ముగ్గురం తాండూరు రైలెక్కాం. తాండూరులో ఇప్పుడు రేకుల హాలు లేదు. అప్పట్లో ఊరంతా ఒక్క చోట కూర్చుని, ఒకరి ఈల ఇంకొకరు విని, ఒకరి మౌనానికి ఇంకొకరు మౌనంగా అయి చూసేవాళ్ళు. నచ్చకపోతే బీడీకి పోయేవాళ్ళు కానీ, నడుస్తున్న తల్లిని వేలితో తోసెయ్యలేకపోయేవాళ్ళు. ఇప్పుడు రైలులో మా ఎదురుగా కూర్చున్నవాళ్ళందరూ ఎవరి ఫోను వాళ్ళు తోస్తూనే ఉన్నారు. నాకు ఒక్కో బొటనవేలునూ పట్టి ఆపాలనిపించింది. నర్సింలు తువ్వాలు ముఖం మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగాడు, ఎవరి ఫోనులో తన నవ్వు ఉందోనని.

శాంతమ్మ తలుపు సగమే తెరిచింది. నర్సింలును ఆటో దగ్గరే ఉంచాను.

"పెద్దమ్మా, నీ మీద నాకు కోపం లేదు. గానీ పో."

"పోత. గిది చూడు, పోత. నేనేం జెప్ప. గీ బొమ్మ గూడ ఏం జెప్పదు."

"సూసిన. ఊరంతా సూపిచ్చింది."

"నువ్వు చూసింది కోసిన ముక్కలు బిడ్డా. గిది కొయ్యనిది."

ఆమె పక్కకు జరిగింది. అనూష లాప్‌టాప్‌ను బియ్యం డబ్బా మీద పెట్టింది. మొదట శాంతమ్మ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. "నవ్వింది ఏడుంది? గది పెట్టు" అంది. అనూష ముందుకు తోయబోతే దాని చెయ్యి పట్టుకున్నాను. ఏమీ జరగడం లేదు. బస్వరాజు బండ తుడుస్తున్నాడు. నీళ్ళు తాగాడు. తువ్వాలు విప్పి మళ్ళీ నెత్తికి చుట్టాడు. శాంతమ్మ చేతులు విడిపోయాయి.

"గట్ల చుట్టద్దు, ఊడిపోతదని ఎన్నిసార్లు జెప్పిన" అంది, ఎవరితోనో.

కింద కూర్చుంది. బొమ్మలో బస్వరాజు వీపు వెనక చేతులు పెట్టుకుని, పొట్ట ముందుకు తోసి, నాలుగడుగులు వంకరగా నడిచాడు. అటు మిషన్ దగ్గర నర్సింలు మెడ తుడుచుకుంటూ విరగబడి నవ్వాడు. శాంతమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"మా అన్న నడక గది. ఇంట్ల రోజు గిట్లనే... మా అన్న వచ్చినప్పుడల్ల ఎనకనుంచి గిట్లనే నడిచి నన్ను నవ్విస్తుండె." ఆ చెంగు వెనక ఆమె నవ్విందో ఏడ్చిందో నేను చెప్పలేను.

తరువాత మొదటి చెయ్యి. రెండో చెయ్యి. నీళ్ళు పారుతున్నాయి. మూడోసారి నర్సింలు రెండు చేతులూ ఎత్తాడు. బస్వరాజు ఉండు అన్నట్టు ఊపాడు. శాంతమ్మ కండ్లు మూసుకోలేదు. నేను మూసుకున్నాను. ఊరు చూసిన ముక్క అక్కడితో ఆగుతుంది. ఇది ఆగదు. తెరిచి చూసేసరికి నర్సింలు ఒక్కడే బండల మీద పడి, ఎత్తలేని బండలను ఉత్త చేతులతో లాగుతున్నాడు. లాగుతూనే ఉన్నాడు. వేరేవాళ్ళు పరుగెత్తుకు వచ్చేదాకా, వచ్చాక కూడా. అది ఎంతకూ అయిపోదు. అయిపోవాలని మొక్కుకుంటే కూడా కాదు.

తెర నల్లబడ్డాక శాంతమ్మ అడిగింది. "మూడోసారి చాయ్‌కేనా, బండలు చూసా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. నా కొడుకు బతుకు ఆ ఒక్క మాట మీద ఉంది. "నాకు తెల్వదు బిడ్డా. వాడు జెప్పలే. ఎన్నిసార్లు చూసినా తెలుస్తలేదు."

"పిలువు ఆయన్ని."

నర్సింలు గడప అవతలే నిలబడ్డాడు. తల ఎత్తలేదు. "వదినె, బండ కదిలింది చూసిన. ఉరికి రమ్మని చేతులెత్తిన. మిషన్ మోత. ఆయన చాయ్ అనుకున్నడు. నేను ఇంకో తీరుగ పిలిస్తే..." అతని వేళ్ళ గోర్లు ఇంకా నల్లగా చితికి ఉన్నాయి. శాంతమ్మ వాటిని చూసింది.

"లోపటికి రా. కూసో." అనూష వైపు తిరిగింది. "మొదటి నుంచి పెట్టు బిడ్డా."

ఈసారి ఆమె తెరను కాదు, పక్కన కూర్చున్న నర్సింలు ముఖాన్ని చూస్తూ కూర్చుంది. బొమ్మలో బస్వరాజు వంకరగా నడిచినప్పుడు నా కొడుకు నోరు నవ్వుకు తెరుచుకుని, అట్లాగే వంకర్లు తిరిగి, కండ్లల్లో నీళ్ళు నిండాయి. ఆ రెండూ ఒకే ముఖంలో, నడుమ ఏ అతుకూ లేకుండా. బండల చోటు రాకముందే శాంతమ్మ చెయ్యి చాచి లాప్‌టాప్ మూసింది.

"రేపు ఠాణాకు పిలిచిండ్రు" అంది. "గిది పట్టుకొని నువ్వు గూడ రా పెద్దమ్మా. ఆళ్లు కూసొని మొత్తం చూసేదాంక నేను నోరు ఇప్ప."